గడువు అడిగే ఉత్తరంలో ఒక వాక్యం

డెంగీతో ఎనిమిది రోజులు మంచాన పడ్డ ఎంబీఏ విద్యార్థి, ఫైనాన్స్ టర్మ్ పేపర్‌కు గడువు పెంచమని ప్రొఫెసర్‌కు రాయాలి. పేపర్ అంశం ఒక కంపెనీ షేరు విలువ కట్టడం. జ్వరం కథ రెండు పేజీలు అక్కర్లేదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పడుకున్నాడో చెప్పి, డాక్టర్ సర్టిఫికెట్ జతచేస్తే చాలు. తరువాత పని ఎంతవరకు వచ్చిందో రాయాలి: "సర్, అయిదేళ్ల నగదు రాబడి అంచనాలు పూర్తయ్యాయి. డిస్కౌంట్ రేటు లెక్క మిగిలింది. 15వ తేదీ బదులు 22న ఇస్తాను." సగం పూర్తయిన ఎక్సెల్ ఫైల్ కూడా పంపితే మాట నమ్మడం తేలిక.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ వారంలోనే కంపెనీ త్రైమాసిక ఫలితాలు రావచ్చు, షేరు ధర కదలవచ్చు. మిగతావాళ్లకు లేని సమాచారం ఇతనికి దొరుకుతుంది. తోటివాళ్లకు అన్యాయమని ప్రొఫెసర్ వెనకాడేది ఇక్కడే. అందుకే ఇంకో వాక్యం: "ధరలు, వడ్డీ రేట్లు, ఫలితాలు అన్నీ 15వ తేదీ నాటివే వాడతాను."