ఎర్ర లైటు వెలిగితే తాళం తిప్పేయాలా?

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ఎండిన చెరువులో పూడిక తీస్తున్న పొక్లెయిన్ మానిటర్ మీద ఎర్ర లైటు వెలిగింది. వెంటే బజర్ మోగింది. అలల మీద నిలబెట్టిన థర్మామీటర్ బొమ్మ కనిపిస్తోంది. కూలెంట్ వేడెక్కిందని దాని అర్థం. గట్టు మీదున్న హెల్పర్ "అన్నా, బంద్ చెయ్యి!" అని అరిచాడు. ఆపరేటర్ చెయ్యి తాళం మీదికి వెళ్లింది.

సరిగ్గా అక్కడే చాలా ఇంజిన్లు దెబ్బతింటాయి. మామూలుగా ఏ యంత్రం ఇబ్బంది పెట్టినా ముందు ఆపేయడం మనకు అలవాటు. పొక్లెయిన్, లోడర్ లాంటి మెషిన్లలో ఆ అలవాటు అన్ని వేళలా పనికిరాదు. కొన్ని అలారాలకు ఇంజిన్ ఆపాలి, కొన్నింటికి ఆపకూడదు. ఆ తేడా తెలియాలంటే ఏ లైటు ఏం చెబుతోందో తెలియాలి.

ముందు ఈ వేడి సంగతి చూద్దాం. ఫుల్ లోడు మీద పనిచేస్తున్న ఇంజిన్ హెడ్డు కాలిపోతూ ఉంటుంది. ఆ వేడిని నీళ్ల పంపు తిప్పే కూలెంట్ లాక్కుపోయి రేడియేటర్‌లో వదులుతుంది, ఫ్యాన్ గాలి దాన్ని చల్లారుస్తుంది. పంపును, ఫ్యాన్‌ను తిప్పేది ఇంజినే. తాళం తిప్పగానే అవి ఆగిపోతాయి, హెడ్డులోని వేడి మాత్రం ఎక్కడికీ పోదు. కదలకుండా నిలిచిన కూలెంట్ అక్కడికక్కడే మరుగుతుంది, హెడ్డు వంకర తిరగొచ్చు, గ్యాస్కెట్ పోవచ్చు. టర్బోకి ఆయిల్ అందడం కూడా ఆగిపోతుంది. లోపల మిగిలిన ఆయిల్ మాడి బొగ్గులా అంటుకుంటే టర్బో బేరింగులు అరుగుతాయి.

కాబట్టి మన ఆపరేటర్ చేయాల్సింది వేరు. పని ఆపాలి. బకెట్‌ను నేలకు దించాలి. యాక్సిలరేటర్ డయల్‌ను లో ఐడిల్‌కి తిప్పాలి. ఏసీ కట్టేయాలి. ఇంజిన్‌ను మాత్రం నడవనివ్వాలి. లోడు పోయిన ఇంజిన్‌లో వేడి పుట్టడం తగ్గుతుంది, ఫ్యాన్, పంపు తిరుగుతూనే ఉంటాయి. కొన్ని నిమిషాల్లో ముల్లు ఎరుపు దాటి ఆకుపచ్చలోకి వస్తుంది. వచ్చాకే ఇంజిన్ ఆపాలి.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. అవి తెలియకపోతే ఈ సలహాయే ప్రమాదం. హోసు పగిలి కూలెంట్ కారిపోతున్నా, కూలెంట్ మట్టం తగ్గిందనే లైటు కూడా వెలిగినా ఇంజిన్ వెంటనే ఆపాలి. తిప్పడానికి నీళ్లే లేనప్పుడు పంపు తిరిగి లాభం లేదు. వేడి లైటుతోపాటు బ్యాటరీ ఛార్జింగ్ లైటు వెలిగితే బెల్టు తెగిందేమోనని అనుమానించాలి. చాలా ఇంజిన్లలో ఆల్టర్నేటర్‌ను, నీళ్ల పంపును ఒకే బెల్టు తిప్పుతుంది. అప్పుడు కూడా ఆపాల్సిందే. ఐడిల్‌లో పెట్టినా ముల్లు ఇంకా పైకే పోతుంటే, ఇక ఆగకుండా కట్టేయాలి.

ఆపిన తర్వాత ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది, అది మనిషికి. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఒత్తిడి 1 బార్ పెరిగితే మామూలు నీళ్లు కూడా 100 డిగ్రీలకు బదులు సుమారు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. ఆ వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి పోయి నీళ్లు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి ముఖం మీదికి చిమ్ముతాయి. చెయ్యి పెట్టి చూసేంత చల్లారే వరకు మూత జోలికి పోకూడదు. అప్పుడైనా కొద్దిగా తిప్పి, ఒత్తిడి పోయాకే తీయాలి. వేడి ఇంజిన్‌లో చల్లటి బోరు నీళ్లు పోస్తే హెడ్డు పగలొచ్చు. పైగా ఆ నీళ్లలోని ఉప్పు గొట్టాల లోపల గారలా పేరుకుని, వచ్చే వేసవిలో మళ్లీ ఇదే లైటు వెలిగిస్తుంది.

రెండోది హైడ్రాలిక్ ఫిల్టర్ లైటు. దీనికి జవాబు ఆయిల్ వేడి మీద ఆధారపడుతుంది. ఫిల్టర్‌కు ఇవతలా అవతలా ఉన్న ఒత్తిడిలో తేడా పెరిగితే ఈ లైటు వెలుగుతుంది. చలికాలం ఉదయం ఆయిల్ చిక్కగా ఉంటుంది, మంచి ఫిల్టర్‌లోంచి కూడా తేలిగ్గా దిగదు. అప్పుడు వెలిగితే కంగారు పడక్కర్లేదు. ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచి, కాసేపు ఆగి, బూమ్‌ను, ఆర్మ్‌ను లోడు లేకుండా నిదానంగా ఆడించాలి. ఆయిల్ వెచ్చబడగానే లైటు ఆరిపోతుంది.

గంట పని చేశాక వెలిగితే మాత్రం ఫిల్టర్ నిజంగా మూసుకుపోయినట్టే. "ఇంకో నాలుగు టిప్పర్లు నింపి చూద్దాం" అనుకోవడం ఇక్కడ చేసే తప్పు. ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్ ఆగదు. బైపాస్ వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిల్ నేరుగా పోతుంది. మెషిన్ పని బాగానే చేస్తుంటుంది, చెత్త మాత్రం పంపులోకి, వాల్వుల్లోకి చేరుతుంటుంది. మెషిన్‌ను చదునైన చోట నిలిపి, బకెట్ దించి, ఇంజిన్ ఆపి ఫిల్టర్ మార్చాలి. ట్యాంకు ఒత్తిడి వదలకుండా మూత తెరవకూడదు.

తీసిన ఫిల్టర్‌ను పారేయకముందు విప్పి చూడాలి. మడతల్లో అయస్కాంతానికి అంటుకునే రజను ఉంటే అది ఇనుము. అంటుకోని పసుపు మెరుపు పంపు లోపలి ఇత్తడి భాగాలది కావచ్చు. నల్లటి రబ్బరు ముక్కలైతే సీళ్లు. లోహం కనిపిస్తే కొత్త ఫిల్టర్ వేసి పని మొదలుపెట్టొద్దు, మెకానిక్‌ను పిలవాలి. బ్రేకర్ కట్టిన మెషిన్‌లో ఆయిల్ త్వరగా పాడవుతుంది కాబట్టి ఫిల్టర్‌ను మామూలు గడువు కంటే చాలా ముందే మార్చాలి. ఎన్ని గంటలకో ఆ మెషిన్ పుస్తకంలో ఉంటుంది.

మూడోది డీజిల్‌లో నీళ్ల లైటు. డీజిల్ కంటే నీళ్లు బరువు, అందుకే సెపరేటర్ గిన్నె అడుగుకు దిగుతాయి. అవి అడుగున ఉన్న సెన్సర్‌ను తాకగానే లైటు వెలుగుతుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో ఇంజెక్టర్లకు వెళ్తుంది. ఆ సన్నటి భాగాలకు డీజిలే కందెన. నీళ్లకు ఆ జిడ్డు లేదు, పైగా తుప్పు తెస్తాయి. ఇక్కడ ఐడిల్‌లో నడిపి ప్రయోజనం లేదు. మెషిన్‌ను ఓ పక్కకు తెచ్చి, బకెట్ దించి, ఇంజిన్ ఆపాలి. గిన్నె కింద ఒక సీసా పెట్టి, డ్రెయిన్ వాల్వు వదులు చేసి, శుభ్రమైన డీజిల్ వచ్చే వరకు దించాలి. వాల్వు బిగించి, చేతిపంపు గట్టిపడే దాకా కొట్టి, స్టార్ట్ చేయాలి.

పట్టిన సీసాను కాసేపు కదపకుండా ఉంచితే అడుగున నీళ్లు వేరై కనిపిస్తాయి. రెండు రోజుల్లో మళ్లీ అంతే నీళ్లు వస్తే లోపం సెపరేటర్‌ది కాదు. ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము మూత చుట్టూ వాన నీళ్లు నిలుస్తాయి, రాత్రి చల్లబడినప్పుడు డ్రమ్ము వాటిని లోపలికి పీల్చుకుంటుంది. డ్రమ్మును నీడలో పక్కకు పడుకోబెట్టాలి. సాయంత్రమే ట్యాంకు నింపితే లోపల గాలిలోని తేమ నీరుగా మారే జాగా తగ్గుతుంది.

ఇక మన చెరువులోని మెషిన్. ఐడిల్‌లో ముల్లు దిగింది, ఇంజిన్ ఆపారు. చల్లారాక చూస్తే కూలెంట్ మట్టం సరిగ్గానే ఉంది, బెల్టు బాగుంది. రేడియేటర్‌కూ ఆయిల్ కూలర్‌కూ మధ్య మాత్రం ఎండుగడ్డి, ధూళి దుప్పటిలా పట్టాయి. కళ్లకు అద్దాలు పెట్టుకుని, గాలి వచ్చే దారికి ఎదురుగా, రెక్కలు వంగకుండా ఎయిర్ కొట్టి దులిపారు. మర్నాడు అదే ఎండలో, అదే రెండు గంటలకు ముల్లు ఆకుపచ్చలోనే ఉంది. ముందు రోజు ఆ తాళం తిప్పి ఉంటే, గడ్డి దులిపితే పోయే తప్పుకు హెడ్డు విప్పాల్సి వచ్చేది.