బస్సు టైమ్ మారింది, పదిహేడు మందికి తెలియలేదు: బ్రాడ్‌కాస్టా, గ్రూపా, చానెలా?

ఈ వారం ఎపిసోడ్‌లో క్యాంపులో వాట్సాప్ మెసేజ్‌ల గురించి మాట్లాడినప్పుడు టైమ్ చాలక సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

యూఏఈలో ఉన్నోళ్లకి తెలుసు, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. అందుకని మా సైట్‌లో పొద్దున డ్యూటీ ముందుకి జరుగుతుంది. ఓ ఏడాది 5:30 బస్సు 4:30 అయింది. మా క్యాంపులో 190 మంది. ముందురోజు సాయంత్రం బ్రాడ్‌కాస్ట్ లిస్టులో మెసేజ్ పెట్టి, పని అయిపోయిందనుకుని పడుకున్నా. తెల్లారి పదిహేడు మందికి బస్సు పోయింది. ఆ రోజు హాజరు పడలేదు. ఒక తమ్ముడైతే “అన్నా, నాకు మెసేజే రాలేదు” అని ఫోన్ తీసి చూపించాడు. నిజమే, రాలేదు.

సంగతి ఏంటంటే, బ్రాడ్‌కాస్ట్‌లో పెట్టింది ఒక్కొక్కరికీ విడివిడిగా, సొంత మెసేజ్ లాగా పోతుంది. కానీ అవతలివాడు నా నంబర్ తన ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉంటేనే పోతుంది. లేకపోతే పోదు, పోలేదని నాకు ఎవరూ చెప్పరు కూడా. కొత్తగా దిగినోళ్లు, ఫోన్ మార్చినప్పుడు నంబర్లు పోగొట్టుకున్నోళ్లు, అందరూ అలాగే తప్పిపోయారు. మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి Info చూస్తే ఎవరికి చేరిందో కనబడుతుంది గానీ, చేరనివాడి ఫోన్ ఆఫ్‌లో ఉందా, నా నంబర్ లేదా అన్నది తేలదు. బ్లూ టిక్కులు ఆపేసుకున్నవాడు చదివినా తెలియదు. పైగా ఒక లిస్టులో 256 మందికి మించి పట్టరు.

తర్వాత చానెల్ పెట్టి చూశా. ఎవరి నంబర్ ఎవరికీ కనబడదు, ఎంతమందైనా చేరొచ్చు, బాగుందనిపించింది. కానీ చానెల్‌లో పెట్టింది Chats లోకి రాదు, Updates లో పడి ఉంటుంది. ఫాలో అయినంత మాత్రాన ఫోన్ మోగదు, ఎవరికి వారు నోటిఫికేషన్ ఆన్ చేసుకోవాలి. డ్యూటీ దిగి వచ్చి వంట చేసుకునే మనిషి అది వెతికి చూస్తాడా? ఎంతమంది చూశారో లెక్క వస్తుంది గానీ ఎవరు చూడలేదో పేర్లు రావు. లింకు దొరికితే బయటివాళ్లు కూడా చూస్తారు. కాబట్టి అందులో రూమ్ నంబర్లు, మనుషుల పేర్లు పెట్టకూడదు. క్రికెట్ మ్యాచ్, ఉగాది వంటల కబుర్లు లాంటివి, చూడకపోయినా జీతం పోనివి, చానెల్‌లో పెట్టుకోవచ్చు.

చివరికి గ్రూపే నిలబడింది. ఊరికే గ్రూప్ పెడితే గుడ్ మార్నింగ్ పూల కింద బస్సు టైమ్ మునిగిపోతుంది. అందుకని గ్రూప్ పేరు నొక్కి, Group permissions లోకి వెళ్లి, మామూలు మెంబర్లు మెసేజ్ పంపే అనుమతి ఆపేశా. అడ్మిన్లం ముగ్గురమే రాస్తాం. నంబర్ సేవ్ లేకపోయినా గ్రూప్‌లో ఉంటే మెసేజ్ పోతుంది. అన్నిటికన్నా పనికొచ్చేది, బ్లూ టిక్కులు ఆపుకున్నా గ్రూపులో చదివినట్టు కనబడుతుంది.

ఇప్పుడు మేం చేసేది ఇది. అందరి నంబర్లూ రూమ్‌తో కలిపి నా ఫోన్‌లో సేవ్ చేసుకున్నా, “B12 రాజు” అన్నట్టు. సాయంత్రం 7కి మెసేజ్ పెడతా. 9కి Info తెరిస్తే Read by కింద చదివినోళ్లు, Delivered to కింద చేరినా చదవనోళ్లు కనబడతారు. ఫోన్‌కి ఇంకా చేరనోళ్లు రెండిట్లోనూ ఉండరు, వాళ్లని మెంబర్ల లిస్టుతో పోల్చి పట్టుకోవాలి. పోయినసారి ఇరవై ఆరు మంది తేలారు, అందులో తొమ్మిది మంది ఒకే వరండాలో. రూమ్ లీడర్లకి ఫోన్ చేసి తలుపు కొట్టమన్నా. చదవడం రానోళ్లకి అదే మాట తెలుగులో, హిందీలో వాయిస్ కూడా పెడతాం. విన్నోళ్లు Played by కింద వస్తారు.

చిక్కులు లేవని కాదు. గ్రూపులో అందరికీ అందరి నంబర్లూ కనబడతాయి. మా క్యాంపు వాళ్లకి ఒకసారి అప్పులిస్తామని వరసగా కాల్స్ వచ్చాయి. అందుకే జాయిన్ అయ్యే లింకు బయటికి ఇవ్వం, అడ్మినే చేరుస్తాడు. వీసా క్యాన్సిల్ చేసుకుని వెళ్లినవాణ్ణి అదే రోజు తీసేయాలి, లేకపోతే రాత్రి 9కి చదవనోళ్ల లెక్క తప్పుతుంది.

బ్రాడ్‌కాస్ట్‌ని మాత్రం పూర్తిగా వదల్లేదు. పద్నాలుగు మంది రూమ్ లీడర్లకి ఒక లిస్టు ఉంది. రూమ్‌లో ఎవరికన్నా జ్వరమా, ఎవరిదన్నా ఎమిరేట్స్ ఐడీ గడువు దగ్గర పడిందా అని అడుగుతుంటా. జవాబు నాకొక్కడికే వస్తుంది, మిగతా పదమూడు మందికి తెలియదు. కానీ లీడర్ మారినప్పుడల్లా కొత్తాయన పక్కన కూర్చుని, నా నంబర్ ఆయన ఫోన్‌లో నేనే సేవ్ చేసి వస్తా.