ప్లాన్‌లో కనిపించని పద్దెనిమిదిన్నర అడుగులు

ఇంటి ప్లాన్ పైనుంచి చూసిన బొమ్మ. అందులో పొడవు, వెడల్పు ఉంటాయి, ఎత్తు ఉండదు. వైరింగ్ సామాను లెక్క తప్పేది చాలావరకు అక్కడే.

ఒక పడకగదిని చూద్దాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, స్లాబు ఎత్తు 10 అడుగులు. హాల్లోని డీబీ నుంచి గది స్విచ్‌బోర్డుకు ప్లాన్ మీద 20 అడుగులు, బోర్డు నుంచి మధ్యలోని ఫ్యాన్‌కు 7, ఫ్యాన్ నుంచి ఎదురు గోడ ట్యూబ్‌లైటుకు 6. మొత్తం 33.

కానీ పైపు స్లాబులోంచి పోతుంది. 6 అడుగుల ఎత్తులో ఉన్న డీబీ నుంచి స్లాబుకు 4 అడుగులు ఎక్కాలి. 4 అడుగుల ఎత్తులో ఉన్న స్విచ్‌బోర్డుకు 6 అడుగులు దిగాలి. ఫ్యాన్ పైపు వేరు కాబట్టి అదే గోడలో మరో 6 అడుగులు. ట్యూబ్‌లైటు ఏడున్నర అడుగుల ఎత్తులో ఉంటే దానికి రెండున్నర. ఇవన్నీ 18.5 అడుగులు. అంటే కావలసింది 51.5 అడుగుల పైపు. ముక్కలు పోతాయని పది శాతం కలిపితే పదడుగుల పైపులు ఆరు.

స్లాబు వేయకముందు పైపు కడ్డీల మీద అడ్డదారిన పోవచ్చు, ప్లాన్‌లోనూ సూటిగా కొలవవచ్చు. స్లాబు అయ్యాక గోడకు గాడి కొట్టి వేస్తే నిలువుగా, అడ్డంగా మాత్రమే నడవాలి, కొలత పెరుగుతుంది. స్కేలు పెట్టేముందు మరొక జాగ్రత్త: జెరాక్సులో ప్లాన్ కుదించుకుపోయి ఉండవచ్చు. 12 అడుగులని రాసి ఉన్న గోడను కొలిచి సరిచూడండి.

ఇక వైరు. ఏ పైపులో ఎన్ని వైర్లో చూసి గుణించాలి. డీబీ నుంచి బోర్డుకు పైపు 30 అడుగులు. అందులో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ కలిసి 90 అడుగులు. బోర్డు నుంచి ఫ్యాన్‌కు 13 అడుగులు. లైటు ఫేజ్ కూడా ఆ దారినే రావాలి కనుక వైర్లు నాలుగు, 52 అడుగులు. ఫ్యాన్ నుంచి లైటుకు ఎనిమిదిన్నర అడుగుల్లో మూడు వైర్లు, 25.5. ఇప్పటికి 167.5.

కొసలకు కూడా వైరు వదలాలి. పొట్టిగా కోస్తే స్విచ్ బిగించడానికి చేతికి అందదు, రేపు మార్చాలన్నా కష్టం. బాక్సుల్లో ప్రతి కొసకూ అడుగు, డీబీలో రెండడుగుల చొప్పున మరో 23 అడుగులు అవుతుంది. వృథాకు ఐదు శాతం కలిపితే సుమారు 200 అడుగులు.

90 మీటర్ల కాయిల్ అంటే దాదాపు 295 అడుగులు. అందుకని ఈ గదికి ఒక్క కాయిల్ చాలదా అనిపిస్తుంది, కానీ రంగుకొకటి, మందానికొకటి విడిగా కావాలి. లైట్లకు ఒకటిన్నర, ప్లగ్గులకు రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వాడతారు. కాబట్టి గదికి గది కాకుండా ఇల్లంతటికీ రంగు, మందం వారీగా కూడి కొనండి. కాయిల్ విప్పాక పొడవైన దారుల వైరు ముందు కోయించండి. చివరికి పొట్టి ముక్కలు మిగిలితే అతుకు వేసి పైపులో లాగేస్తారు. ఆ అతుకు వేడెక్కినా బయటికి కనిపించదు. అతుకు బాక్సులోనే ఉండాలని పని మొదలవకముందే ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.