ఇన్వాయిస్‌లో ఒక కోడ్, బిల్ ఆఫ్ ఎంట్రీలో మరొకటి

విదేశం నుంచి సరుకు తెప్పిస్తే రెండు కాగితాల మీద టారిఫ్ కోడ్ కనిపిస్తుంది. ఒకటి అమ్మినవాళ్లు ఇచ్చే కమర్షియల్ ఇన్వాయిస్. రెండోది దిగుమతిదారు తరఫున కస్టమ్స్ బ్రోకరు ఆన్‌లైన్‌లో దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీ. ఈ బ్రోకరునే వ్యాపారులు ఇప్పటికీ పాత అలవాటుగా సీహెచ్‌ఏ అంటారు. రెండు కోడ్‌లూ కలవలేదని తెలియగానే చాలామంది ఆయనకు ఫోన్ చేసి, రెండూ ఒకటి చేసెయ్యమంటారు. చట్టం మాత్రం రెండూ ఒకటిగా ఉండాలని ఎక్కడా అడగదు. బిల్ ఆఫ్ ఎంట్రీలో ఉన్న కోడ్ భారత టారిఫ్ ప్రకారం సరైనదా కాదా అన్నదే దానికి కావాలి. అందుకే బ్రోకరును అడగాల్సిన ప్రశ్న కూడా అదే.

తేడా ఎక్కడ మొదలైందో ముందు చూసుకోవాలి. ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన హెచ్‌ఎస్ పద్ధతిలో మొదటి ఆరు అంకెలే దేశాలన్నిటికీ ఉమ్మడి. ఆ తర్వాతివి ఏ దేశానికి ఆ దేశం పెట్టుకున్నవి. మన టారిఫ్‌లో మొత్తం ఎనిమిది అంకెలుంటాయి. చైనా ఎగుమతిదారు పది అంకెలు రాసినా, మొదటి ఆరూ కలిసి చివరివి మాత్రమే వేరైతే అది తగాదా కిందికి రాదు. కొన్నిసార్లు ఆరు అంకెలే మారతాయి కానీ కారణం పాత పట్టిక. ఎల్‌ఈడీ బల్బులకు 2017 హెచ్‌ఎస్‌లో 8539 50 ఉండేది, 2022 సంచికలో 8539 52 వచ్చింది. ఇన్వాయిస్ నమూనాను ఏళ్ల తరబడి మార్చని సరఫరాదారు పాత అంకె వేస్తూనే ఉంటాడు. ఈ రెండు రకాలకూ బ్రోకరు ఒక వాక్యంలో సమాధానం చెప్పగలడు. అసలు పేచీ అధ్యాయమే మారినప్పుడు వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడ వ్యాపారి ఒకరు థాయిలాండ్ నుంచి స్టీలు నీళ్ల బాటిళ్లు విశాఖ పోర్టుకు తెప్పించారు. ఇన్వాయిస్‌లో సరుకు పేరు ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బాటిల్, 500 ఎం.ఎల్.’ అని, కోడ్ 7323 93 అని ఉంది. అది ఇనుము, ఉక్కుతో చేసిన ఇంటి, వంటింటి సామాన్ల శీర్షిక. బ్రోకరు మాత్రం కేటలాగు చూసి 9617 00 11 కింద, అంటే ముప్పావు లీటరు మించని వాక్యూమ్ ఫ్లాస్కులుగా దాఖలు చేశాడు. అధికారి నుంచి క్వెరీ వచ్చింది: ఇన్వాయిస్‌లో ఒక కోడ్, ఎంట్రీలో మరొకటి ఎందుకున్నాయి?

ఇక్కడ ఎవరు ఒప్పో బాటిల్ గోడ చెబుతుంది. రెండు గోడల మధ్య గాలి తీసేసి శూన్యం చేసి ఉంటే అది 9617 శీర్షికలోని వాక్యూమ్ పాత్ర. ఉక్కుతో చేసినదే కదా, 7323లో ఎందుకు ఉండకూడదన్న సందేహానికి టారిఫ్‌లోనే జవాబుంది. లోహాలకు సంబంధించిన 15వ విభాగం మొదటి నోటు, 96వ అధ్యాయంలోని వస్తువులను ఆ విభాగం నుంచి తప్పిస్తుంది. అదే ఒంటి గోడ బాటిలైతే శూన్యం ప్రశ్నే లేదు, 7323 సరిపోతుంది. ఇన్వాయిస్‌లోని పేరు ఈ రెండింటిలో ఏదో చెప్పడం లేదు. అంకెల తేడా కన్నా ఈ అస్పష్టతే పెద్ద లోపం. ఒకే కంటైనర్‌లో రెండు రకాలూ ఉన్నాయనుకుంటే, ఒకే కోడ్ కింద వేసిన ఎంట్రీ ఎటు చూసినా సగం తప్పే. అప్పుడు వాటిని వేర్వేరు లైన్లుగా విడదీయాలి.

డబ్బు సంగతి చూస్తే ఇన్వాయిస్ కోడ్ వైపు మనసు ఎందుకు లాగుతుందో తెలుస్తుంది. మదింపు విలువ 20 లక్షలు, బేసిక్ సుంకం రెంటికీ 20 శాతం, ఐజీఎస్టీ ఒకదానికి 5, మరొకదానికి 18 శాతం అని లెక్క కోసం అనుకుందాం. అసలు రేట్లు దాఖలు రోజు అమల్లో ఉన్న నోటిఫికేషన్లలో చూసుకోవాలి. సుంకం 4 లక్షలు, దాని మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 40 వేలు. అన్నీ కలిపి 24 లక్షల 40 వేలు. దాని మీద ఐజీఎస్టీ 5 శాతమైతే 1,22,000, 18 శాతమైతే 4,39,200. తేడా 3,17,200 రూపాయలు. ఐజీఎస్టీ క్రెడిట్ ఎలాగూ వెనక్కి వస్తుంది కదా అని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. కానీ తక్కువ కట్టినట్టు తేలితే ఆ మొత్తంతో పాటు వడ్డీ కూడా అడుగుతారు. 7323 అని వేసి గట్టెక్కినా ఊపిరి పీల్చుకోవడానికి లేదు. కస్టమ్స్ చట్టం 28వ సెక్షన్ కింద మామూలుగా రెండేళ్ల వరకు, కావాలని తప్పు చెప్పారని తేలితే ఐదేళ్ల వరకు నోటీసు రావచ్చు.

2011 నుంచి స్వీయ మదింపు అమల్లో ఉంది కాబట్టి కోడ్ చెప్పే బాధ్యత మొదట దిగుమతిదారుదే. బ్రోకరు ఆయన తరఫు మనిషే అయినా చెప్పిందల్లా చేసే గుమాస్తా కాడు. 2018 నాటి బ్రోకర్ల లైసెన్సింగ్ నిబంధనల్లో పదోది, చట్టం పాటించమని కక్షిదారుకు సలహా ఇవ్వాలంటుంది. వినకపోతే ఆ విషయం కస్టమ్స్ అధికారి దృష్టికి తేవాలని కూడా అంటుంది. ‘సప్లయర్ కోడే వెయ్యండి, తక్కువ పడుతుంది’ అని బ్రోకరును ఒత్తిడి చేయడం ఆయన లైసెన్సును పణంగా పెట్టమనడమే.

ఇక అడిగే తీరు. ఫోన్‌లో చెప్పినా వెంటనే మెయిల్ రాయాలి, ఎందుకంటే రేపు వివాదమైతే ఎవరు ఏ సమాచారం ఇచ్చారన్నది ఆ మెయిలే చెబుతుంది. పై ఉదాహరణలో అది ఇలా ఉండవచ్చు:

“నమస్కారమండీ. ఈ ఇన్వాయిస్ మొదటి లైనులో సరఫరాదారు 7323 93 అని రాశారు. మీరు దాఖలు చేసిన బిల్ ఆఫ్ ఎంట్రీలో 9617 00 11 ఉంది. ఈ లైనులోని బాటిళ్లన్నీ రెండు గోడలవి, మధ్యలో శూన్యం ఉన్నవి. ఒంటి గోడవి లేవు. తయారీదారు సాంకేతిక పత్రం, అడ్డకోత బొమ్మ, ఫొటోలు జతచేస్తున్నాను. ఏ కోడ్ సరైనదో, ఏ నోటు ప్రకారమో రాసి పంపగలరు. ఎంట్రీ ఇప్పుడు ఏ దశలో ఉంది, సవరణ అవసరమా, సుంకంలో తేడా ఎంత అన్నవి కూడా చెప్పండి. నేను సరేనన్న తర్వాతే క్వెరీకి జవాబు పెట్టండి.”

ఈ ఉత్తరంలో ఏ కోడ్ కావాలో చెప్పలేదు, సరుకు ఏమిటో మాత్రం చెప్పింది. అనుభవమున్న బ్రోకరుకు కావాల్సిందీ అదే.

జవాబు ఎలా ఉండాలన్నది చదివేవాళ్లను బట్టి ఉంటుంది. 2020 నుంచి ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ వచ్చాక విశాఖ సరుకును మదింపు చేసే అధికారి వేరే నగరంలో ఉండవచ్చు. ఆయన బాటిల్‌ను చేత్తో పట్టుకుని చూడలేడు. కాబట్టి సాంకేతిక పత్రం, సరఫరాదారు వివరణ, విభాగం నోటు ప్రస్తావన అన్నీ ఈ-సంచిత్‌లో ఎక్కించి, జవాబును పక్కన ఎవరూ నిలబడి వివరించనక్కర్లేని విధంగా రాయాలి. ‘సరఫరాదారు పొరపాటు’ అని ముక్తసరిగా రాస్తే మరో క్వెరీ వస్తుంది. కంటైనర్‌కు ఉచిత గడువు దాటితే డెమరేజ్, డిటెన్షన్ ఛార్జీల మీటరు తిరుగుతూనే ఉంటుంది.

సరఫరాదారు దగ్గర్నుంచి ఏం తేవాలన్న దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. అదే నంబరు, అదే తేదీతో కోడ్ మాత్రం మార్చిన కొత్త ఇన్వాయిస్ పంపమంటారు. మొదటిది అప్పటికే కస్టమ్స్ దగ్గర ఉంటుంది. ఒకే నంబరుతో రెండు కాగితాలు కనిపిస్తే చిన్న తేడా కాస్తా నకిలీ పత్రం అనుమానంగా మారుతుంది. తెలిసి తప్పుడు పత్రం వాడితే 114ఏఏ సెక్షన్ కింద జరిమానా సరుకు విలువకు ఐదింతల వరకు వెళ్లవచ్చు. దానికి బదులు సరఫరాదారు లెటర్‌హెడ్ మీద ఆ రోజు తేదీతో వివరణ చాలు: ఇన్వాయిస్‌లో రాసింది తమ దేశపు వాడుక కోడ్ అని, సరుకు వాక్యూమ్ బాటిల్ అని, ధర, పరిమాణం మారలేదని. ఆసియాన్ ఒప్పందం కింద రాయితీ సుంకం కోరి ఉంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. మూల దేశ ధ్రువపత్రం మీద కూడా కోడ్ ఉంటుంది. దానిలోని తప్పును జారీ చేసిన సంస్థే దిద్దాలి. సరఫరాదారు ఉత్తరం ఒక్కటే అక్కడ సరిపోతుందనుకోకూడదు.

ఒక్కోసారి బ్రోకరుదే తప్పు అవుతుంది. ఇన్వాయిస్‌లోని కోడ్‌ను కళ్లు మూసుకుని ఎక్కించి ఉంటాడు. దాఖలుకు ముందు ఆయన పంపే చెక్‌లిస్టును దిగుమతిదారు చదివితే అక్కడే ఖర్చు లేకుండా దిద్దుకోవచ్చు. దాఖలయ్యాక, సరుకు ఇంకా విడుదల కాకముందు, 149వ సెక్షన్ కింద సవరణకు దరఖాస్తు చేయాలి. అనుమతించేది అధికారి. అవుట్ ఆఫ్ ఛార్జ్ అయిపోయి సరుకు గోదాముకు చేరాక దారి ఇరుకవుతుంది. విడుదల నాటికే ఉన్న పత్రాల ఆధారంగానే అప్పుడు సవరణ ఇస్తారు. తర్వాత పుట్టిన సరఫరాదారు ఉత్తరం అక్కడ పనికిరాదు, పాత కేటలాగు పనికొస్తుంది. విడుదల తర్వాత స్వచ్ఛందంగా వివరాలు సరిదిద్దుకునేందుకు 2025 ఫైనాన్స్ చట్టం 18ఏ సెక్షన్ చేర్చింది. తప్పు కోడ్ వల్ల సుంకం ఎక్కువ కట్టేసి ఉంటే, మదింపును మార్పించకుండా నేరుగా రీఫండ్ అడగడానికి లేదని సుప్రీంకోర్టు 2019లో ఐటీసీ కేసులో తేల్చింది.

కోడ్‌తో పాటు నాణ్యత నిబంధన కూడా చూడాలి. 2023 నాటి నాణ్యత నియంత్రణ ఉత్తర్వుల వల్ల ఇలాంటి బాటిళ్లకు బీఐఎస్ గుర్తు అడుగుతారు. గుర్తు లేని సరుకుకు ఏ కోడ్ వేసినా ప్రయోజనం ఉండదు. అందుకే క్వెరీకి జవాబు పెట్టే ముందే తయారీదారు బీఐఎస్ లైసెన్సు ఏ రకం బాటిల్‌కు వచ్చిందో బ్రోకరుకు చూపాలి.

అన్నీ చూపినా అధికారి ఒప్పుకోకుండా కోడ్ మార్చి మళ్లీ మదింపు చేయవచ్చు. దిగుమతిదారు దాన్ని రాతపూర్వకంగా అంగీకరించకపోతే, 17(5) సెక్షన్ ప్రకారం ఆయన 15 రోజుల్లో కారణాలతో కూడిన ఉత్తర్వు ఇవ్వాలి. అప్పీలు వేయడానికి ఆ ఉత్తర్వే ఆధారం. తొందరలో ‘అంగీకరిస్తున్నాం’ అని బ్రోకరు చేత రాయిస్తే ఆ హక్కు దాదాపు చేజారినట్టే. సరుకును ఆపుకోలేని పరిస్థితిలో 18వ సెక్షన్ కింద బాండు రాసిచ్చి తాత్కాలిక మదింపు కోరవచ్చు. ఇదే బాటిల్‌ను ఏటా తెప్పించేవారు ముంబయి, ఢిల్లీల్లోని కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీల ముందు దరఖాస్తు చేసి, తర్వాతి సరుకు ఓడెక్కకముందే కోడ్ మీద రూలింగ్ తెచ్చుకోవచ్చు.