నోట్లోంచి జారిపోయే పీక

1900 సెప్టెంబరులో న్యూయార్క్‌లో మందుల షాపు నడిపే క్రిస్టియన్ మైనెకె ఒక చిన్న వస్తువు రూపానికి పేటెంటు తీసుకున్నాడు. ముందు మెత్తటి రబ్బరు మొన, దాని వెనక గుండ్రటి బిళ్ళ, బిళ్ళకు గట్టి రింగు. పేరు ‘బేబీ కంఫర్టర్’. ఈనాటి పాసిఫయర్ ఏది చేతిలోకి తీసుకున్నా ఆ మూడే కనిపిస్తాయి. మా ఇంట్లో దాన్ని ఉత్తి పీక అంటాం. అందులోంచి పాలు రావు కాబట్టి ఆ పేరు సరిపోయింది.

అంతకుముందు ఐరోపాలో ఆ పని గుడ్డపీలిక చేసేది. రొట్టె ముక్కో చక్కెరో మూటగట్టి, తడిపి, పిల్లల నోట్లో పెట్టేవారు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1506లో గీసిన మరియమ్మ చిత్రంలో బాల యేసు చేతిలో అలాంటి మూట ఉంది. ఏడుపు ఆగకపోతే దాన్ని సారాయిలో ముంచిన ఇళ్ళూ ఉన్నాయి. రబ్బరు వచ్చాక తీపి అవసరం లేదని తేలింది. చక్కెర లేకపోయినా ఉత్తి చప్పరింతే పిల్లను ఊరడిస్తుంది.

పాలు తాగేటప్పుడు పసిపిల్ల సుమారు సెకనుకు ఒకసారి లాగుతుంది, ఎందుకంటే మధ్యలో మింగాలి. ఉత్తి పీకను సెకనుకు రెండుసార్లు చొప్పున, కాసేపు గబగబా, కాసేపు ఆగి చప్పరిస్తుంది. ఈ చప్పరింత కడుపులో ఉండగానే మొదలవుతుంది. నెలలు నిండకుండా పుట్టి గొట్టం ద్వారా పాలు తాగే పిల్లలకు ఆసుపత్రిలో పీక ఇచ్చేది ఇందుకే. ఆ సాధన ఉన్నవాళ్ళు నోటితో తాగడానికి త్వరగా అలవాటుపడి తొందరగా ఇంటికి వెళ్తారు.

బిళ్ళ ఉన్నది పీక మొత్తం నోట్లోకి వెళ్ళిపోకుండా. దాని మీద కనీసం రెండు రంధ్రాలుండాలి. ఒకవేళ బిళ్ళ గొంతు దగ్గర ఇరుక్కుంటే ఆ రంధ్రాల్లోంచే గాలి ఆడాలి. మీరు కొన్న దానికి రంధ్రాలు లేకపోతే, లేదా మొన లాగితే వదులుగా కదిలితే, ఆ రోజే పారేయండి. రింగుకు దారం కట్టి మెడలో వేయడం మన దగ్గర చాలామంది చేస్తారు. నిద్రలో ఆ దారం గొంతుకు చుట్టుకోవచ్చు. తేనెలో ముంచడం మరో అలవాటు. ఏడాది లోపు పిల్లలకు తేనె చుక్క కూడా పనికిరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవి బీజాలు వాళ్ళ పేగుల్లో మొలకెత్తి కండరాలను చచ్చుబడేసే విషాన్ని తయారుచేస్తాయి.

2005లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఈ వస్తువుకు కొత్త పని అప్పజెప్పింది. ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లలు నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే ప్రమాదం పీకతో నిద్రపోయేవాళ్ళలో తక్కువగా కనిపించింది. అందుకని ఏడాది లోపు పిల్లలకు నిద్రపుచ్చేటప్పుడు పీక ఇమ్మని సలహా ఇచ్చారు. తల్లిపాలు తాగేవాళ్ళకైతే పాలు బాగా కుదిరాకే, అంటే నెల నిండాకే. ఆ రోజుల్లో పిల్ల ఎంత లాగితే పాలు అంత పడతాయి కాబట్టి ఆ లాగడం పీకకు పోకూడదు. ఆ సలహాలోనే ఇంకో మాట ఉంది, అది చాలామంది చెవిన పడలేదు. నిద్రలో పీక జారిపోతే తిరిగి పెట్టనక్కర్లేదు. జారిపోయినా మేలు ఉంటుందనే అధ్యయనాల్లో తేలింది. ఎలా అన్నది ఇంకా తేలలేదు.

జారిపోవడం దాని స్వభావం. నిద్ర గాఢమయ్యేకొద్దీ దవడ సడలుతుంది, పీక పక్కమీద పడుతుంది. కొన్ని నెలల పిల్లలకు నిద్ర యాభై అరవై నిమిషాలకోసారి పలచబడుతుంది. ఆ క్షణంలో కళ్ళు మూసినప్పుడున్నది నోట్లో ఉందా అని వెతుక్కుంటారు. లేకపోతే ఏడుస్తారు. అమ్మ లేచి పెడుతుంది, అర నిమిషంలో నిద్ర. మళ్ళీ గంటకు అదే కథ.

మా పెద్దమ్మాయి కొడుక్కి ఏడో నెలలో సరిగ్గా ఇదే వచ్చింది. "అమ్మా, వీడికి ఆకలి కాదు, పీక కోసమే లేస్తున్నాడు, నాకిక ఓపిక లేదు" అంది. ముందు ఆ మాట నిజమో కాదో చూద్దామన్నాను. ఒక రాత్రి కాగితం మీద రాశాం. ఎనిమిదింటికి పడుకున్నాడు. 9:05, 10:00, 11:10, 12:20, 1:15, 2:10, 3:20, 4:15, 5:10. తొమ్మిదిసార్లలో 12:20కి, 4:15కి గుటకలు వినబడేలా పాలు తాగాడు. మిగతా ఏడుసార్లూ పీక పెట్టగానే పడుకున్నాడు. ఆకలి రెండు, పీక ఏడు. చెవినొప్పి లేదని డాక్టరుకు చూపించి తెలుసుకున్నాం. ఆర్నెల్లు దాటాక పీకకూ చెవికీ సంబంధం ఉంటుంది. ఫిన్లాండ్‌లో తల్లిదండ్రులకు ఆ వయసు తర్వాత పీకను నిద్రపట్టే సమయానికే పరిమితం చేయమని చెబితే, ఆ పిల్లల్లో చెవి ఇన్ఫెక్షన్లు 29 శాతం తగ్గాయి.

అప్పుడు మా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, వాడే వెతుక్కుని పెట్టుకునేదాకా ఆగడం. పగలు పీకను నోట్లో పెట్టకుండా చేతిలో పెడుతూ నేర్పితే ఎనిమిది తొమ్మిది నెలలకు చాలామంది నేర్చుకుంటారు. రాత్రి పక్కమీద నాలుగైదు పీకలు వేస్తే ఏదో ఒకటి చేతికి తగులుతుంది. మా అమ్మాయి అన్ని వారాలు ఆగలేనంది. రెండోది మాన్పించడం.

కళ్ళు వాలేదాకా చప్పరించనిచ్చి, నిద్రలోకి జారే ముందు చిటికెనవేలు పెదవి మూల పెట్టి పీక తీసేయాలి. నోరు వెతికితే గడ్డం కింద వేలితో మెల్లగా పైకి నొక్కి ఉంచాలి, ఆగకపోతే తిరిగిచ్చి మరికాసేపటికి మళ్ళీ తీయాలి. పీక లేని నోటితో నిద్రలోకి జారడమే వాడు నేర్వాల్సింది. మొదటి రాత్రి ఆరుసార్లు తీయాల్సి వచ్చింది. మధ్యరాత్రి లేచినప్పుడూ అదే పద్ధతి, ముందు గుండెమీద చెయ్యి వేసి జోకొట్టడం, తప్పకపోతేనే పీక. రెండో రాత్రి మొదటిదానికన్నా ఎక్కువ ఏడ్చాడు. అప్పుడే చాలామంది వదిలేస్తారు, నేనూ వదిలేద్దామన్నాను, అమ్మాయే పట్టుబట్టింది. నాలుగో రాత్రికి పడుకోబెట్టేటప్పుడు రెండుసార్లతో సరిపోయింది, పీక కోసం లేవడం మూడుకు తగ్గింది.

ఎనిమిదో రోజు జలుబు, జ్వరం. జబ్బులో పసివాణ్ణి పాఠాలతో బాధపెట్టడం నాకిష్టం లేదు. పీక ఇచ్చేశాం, నాలుగు రోజులకు మొదటికొచ్చింది. జ్వరం తగ్గాక మళ్ళీ మొదలుపెడితే మూడు రాత్రులే పట్టింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని కాసేపు చప్పరించి వదిలేసేవాడు. అది వేలు చీకడంగా ముదురుతుందేమోనని భయపడ్డాం. వేళ్ళు పీకలా దాచేయడానికి కుదరవు కదా. పీక అయినా వేలయినా మూడేళ్ళు దాటితే ముందు పళ్ళు కలవకుండా ఎడం రావచ్చు.

మూడు వారాల తర్వాత మళ్ళీ ఒక రాత్రి రాశాం. 12:40, పాలు. 4:30, పాలు. మిగతా కాగితమంతా ఖాళీ.