పేరుకు తరుగుదల

మా ఊళ్ళో ‘తరుగు’ అంటే ధాన్యం కాటా వేసేటప్పుడు మిల్లువారు బస్తాకు ఇంతని కోసుకునేది. కామర్సు మిత్రులు ‘తరుగుదల’ అంటే నాకు మొదట అదే తోచింది. ఇది వేరు. యంత్రం కొన్న డబ్బును ఒకేసారి కాకుండా, అది అరిగేకొద్దీ ఏటేటా ఖర్చుగా రాసుకోవడమన్నమాట. రాసిన మేరకు లాభం తగ్గుతుంది, దానిమీద పన్నూ తగ్గుతుంది. యంత్రం సరే, కంటికి కనిపించని పేరు మాటేమిటి?

ఒక కంపెనీ ఒక రైసుమిల్లును వ్యాపారంతో సహా కోటి రూపాయలకు కొన్నదనుకుందాం. స్థలం, భవనం, యంత్రాలు, సరుకు కలిపి 60 లక్షలు. బస్తామీద వేసే రిజిస్టరైన ట్రేడ్‌మార్కు 16 లక్షలని విలువ కట్టారు. మిగతా 24 లక్షలకు ఇదీ అని వేలుపెట్టి చూపించే వస్తువేదీ లేదు. పాత ఖాతాదారులు, బజారులో నమ్మకం, అదంతా గుడ్‌విల్.

మన దేశంలో ట్రేడ్‌మార్కుకు ఏటా మిగిలిన విలువమీద నూటికి 25 వంతున తరుగుదల వస్తుంది. మొదటి ఏడు 4 లక్షలు, రెండో ఏడు 3 లక్షలు, మూడో ఏడు రెండుంబావు లక్షలు. ఫిజిక్సు విద్యార్థులకిది పాత చుట్టమే. అర్ధజీవితకాలం సుమారు 2.4 ఏళ్ళు, సున్నాకు మాత్రం ఎన్నటికీ చేరదు! పన్ను నూటికి 25 అనుకుంటే మొదటి ఏడు మిగిలేది 4 లక్షలు కాదు, లక్ష. అయితే ఆ ఏడు జేబులోంచి కొత్తగా పైసా పోలేదు.

గుడ్‌విల్ దగ్గరే తగాదా వచ్చింది. 1961 చట్టం పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, లైసెన్సులు అని చెప్పి, ‘అలాంటి ఇతర వ్యాపార హక్కులు’ అని వదిలింది. గుడ్‌విల్ అందులో ఇముడుతుందని 2012లో స్మిఫ్స్ సెక్యూరిటీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ లెక్కన మన 24 లక్షలకూ మొదటి ఏడు 6 లక్షలు రాసుకోవచ్చు. 2021 ఫైనాన్సు చట్టం ఆ దారి మూసేసింది. 2020-21 ఆర్థిక సంవత్సరం నుంచి గుడ్‌విల్‌కు తరుగుదల లేదు. ఇచ్చిన సొమ్ము ఊరికే పోదు, మళ్ళీ అమ్మినప్పుడు కొన్న ధరగా లెక్కకొస్తుంది. అమెరికాలో మాత్రం 1993 చట్టం ప్రకారం ఇలా కొన్న గుడ్‌విల్‌నూ, ట్రేడ్‌మార్కునూ 15 ఏళ్ళకు సమానంగా పంచి రాసుకుంటారు.

దీంతో ఇక్కడ 40 లక్షలూ ట్రేడ్‌మార్కు పద్దులోకే నెట్టాలన్న ఆశ పుడుతుంది. ఆఫీసరు ఊరుకోడు. అమ్మకపు పత్రంలో ఆ మార్కును విడిగా రాశారా, రిజిస్ట్రేషను కొన్నవారి పేరుకు మారిందా, విలువ ఏ అమ్మకాల లెక్కమీద కట్టారు అని అడుగుతాడు. పద్దుకు పేరు మార్చినంత మాత్రాన గుడ్‌విల్ ట్రేడ్‌మార్కు అయిపోదు. మిల్లును కాక మిల్లు కంపెనీ వాటాలు కొంటే అసలీ తరుగుదల ప్రసక్తే రాదు.

ఇదంతా విని మా నాన్న, “ఒరేయ్, ముప్పై ఏళ్ళు కష్టపడి పేరు తెచ్చిన పాత షావుకారు ఏమీ రాసుకోకూడదా?” అన్నాడు. రాసుకోడు. పేరు కోసం ఆయన పెట్టిన జీతాలు, ప్రకటనలు ఏ ఏటికాయేడు ఖర్చులో పోయాయి. ఆయన పుస్తకంలో ఆ పేరుకు ధరే లేదు, తరగడానికి.