పరుగు సాగింది, నెలసరి ఆగింది

2013లో మాస్కోలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో 1500 మీటర్ల ఫైనల్ పరుగెత్తేనాటికి మేరీ కెయిన్‌కు 17 ఏళ్లు. అమెరికా తరఫున అంత చిన్న వయసులో ఆ పోటీలకు వెళ్లినవారు అంతకుముందు లేరు. ఫైనల్లో పదో స్థానం వచ్చింది. ఇక ఈ అమ్మాయికి తిరుగులేదనుకున్నారంతా. ఆరేళ్ల తర్వాత, 2019 నవంబరులో, న్యూయార్క్ టైమ్స్ పత్రిక వీడియోలో ఆమె తన కథ చెప్పింది. శిక్షణలో బరువు తగ్గాలన్న ఒత్తిడి ఆగకుండా ఉండేదని, తనకు మూడేళ్లు నెలసరి రాలేదని, ఐదు ఎముకలు విరిగాయని చెప్పింది. కోచ్ ఆమె ఆరోపణలను ఖండించాడు.

ఆగిన నెలసరికీ విరిగిన ఎముకలకూ సంబంధం ఏమిటి? రెండింటికీ మూలం ఒక్కటే కావచ్చు. దాన్ని క్రీడావైద్యులు ‘ఎనర్జీ అవైలబిలిటీ’ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, పరుగు తన వాటా తీసుకున్నాక ఒంటికి మిగిలిన తిండి.

లెక్క చాలా తేలిక. రోజంతా తిన్నదాంట్లోంచి వ్యాయామానికి ఖర్చయిన కేలరీలు తీసేయాలి. మిగిలినదాన్ని కొవ్వు మినహాయించిన ఒంటి బరువుతో భాగించాలి. గుండె కొట్టుకోవడం, ఒళ్లు వెచ్చగా ఉండడం, ఎముక కట్టుకోవడం, గాయం మానడం, నెలసరి రావడం, అన్నీ ఆ మిగులులోంచే జరగాలి.

యాభై కిలోల బరువున్న ఇరవై ఏళ్ల అమ్మాయిని అనుకుందాం. ఒంట్లో కొవ్వు పది కిలోలు, మిగతాది నలభై కిలోలు. రోజూ పన్నెండు కిలోమీటర్లు పరుగెడుతుంది. కిలోమీటరుకు కిలో బరువుకు సుమారు ఒక కేలరీ చొప్పున పరుగుకు 600 ఖర్చవుతాయి. ఆమె తినేది 1700 కేలరీలు. పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, కూర, పెరుగు, సాయంత్రం టీ, బిస్కెట్లు, రాత్రి చపాతీలు, ఇలా చూస్తే ఇంట్లో ఎవరికీ తక్కువగా కనిపించని తిండే. కానీ పరుగు వాటా తీసేస్తే మిగిలేవి 1100. నలభైతో భాగిస్తే కిలోకు ఇరవై ఏడున్నర. ఒళ్లు తన పనులన్నీ సాఫీగా చేసుకోవడానికి సుమారు 45 కావాలని పరిశోధకుల అంచనా. అంటే ఆమెకు రోజుకు 2400 కేలరీలు కావాలి. 700 తక్కువ పడుతున్నాయి.

ఇంత లోటుంటే బరువు తగ్గిపోవాలి కదా అనిపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. మొదట కాస్త తగ్గుతుంది, తర్వాత నిలిచిపోతుంది. ఒళ్లు ఖర్చులు తగ్గించుకుంటుంది మరి. జీతం తగ్గిన ఇల్లాలు ముందు పండగ బట్టలు మానేసినట్టు, ఇవాళ లేకపోయినా ప్రాణానికి ముప్పు లేని పనులను శరీరం ముందుగా ఆపేస్తుంది. థైరాయిడ్ హార్మోన్ తగ్గుతుంది, చలి ఎక్కువగా అనిపిస్తుంది, గర్భం దాల్చే ఏర్పాటు ఆగిపోతుంది. కాబట్టి తూకంలో ముల్లు కదలడం లేదంటే తిండి సరిపోతోందని అర్థం కాదు.

ఆ ఏర్పాటు ఆగేది అండాశయంలో కాదు, మెదడులో. హైపోథలామస్ అనే చిన్న భాగం సుమారు గంటకో గంటన్నరకో ఒకసారి హార్మోన్ సంకేతం పంపుతుంది. దాన్ని అందుకుని పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను విడతలు విడతలుగా వదులుతుంది. అండాశయం కదిలేది దాని వల్లే. తిండి చాలనప్పుడు ఈ విడతల మధ్య దూరం పెరిగిపోతుంది. అండం విడుదల కాదు, ఈస్ట్రోజన్ పడిపోతుంది, నెలసరి మొదట అటూ ఇటూ అయి చివరికి ఆగుతుంది. ఈస్ట్రోజన్ ఎముక అరుగుదలను అదుపులో ఉంచే హార్మోన్ కూడా. అది పోయాక, వేల అడుగుల తాకిడి పడే మోకాలి కింది ఎముకలోనో పాదంలోనో సన్నని చీలికలు వస్తాయి. వాటినే స్ట్రెస్ ఫ్రాక్చర్లంటారు. ఎముక గట్టిపడే వయసులోనే ఇలా జరిగితే ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

ఒకప్పుడు తప్పును పరుగు మీదే వేసేవారు. అతి వ్యాయామం ఆడవాళ్ల ఒంటికి పడదన్నారు. అమెరికాలో ఒహాయో విశ్వవిద్యాలయ పరిశోధకురాలు ఆన్ లౌక్స్ దీన్ని పరీక్షకు పెట్టారు. మామూలుగా నెలసరి వచ్చే యువతులకు కొన్ని రోజులు తిండీ వ్యాయామమూ కొలిచి ఇచ్చి, పది నిమిషాలకోసారి రక్తం తీసి ఎల్‌హెచ్ విడతలు లెక్కించారు. వ్యాయామానికి తగ్గట్టు తిండి పెంచితే విడతలు దాదాపు చెక్కుచెదరలేదు. 2003లో వెలువడిన ఆమె పరిశోధనలో, మిగులు కిలోకు 30 కేలరీలకు దిగువకు పడినప్పుడు ఐదు రోజుల్లోనే లయ తప్పింది.

ఇంకా సూటిగా చూపింది కోతుల ప్రయోగం. 2001లో నాన్సీ విలియమ్స్ బృందం ఆడ కోతులను రోజుకు సుమారు పన్నెండు కిలోమీటర్ల దాకా ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించింది. వాటికి నెలసరి ఆగింది. తర్వాత నాలుగు కోతులకు పరుగు తగ్గించకుండా తిండి మాత్రం పెంచారు. నాలుగింటికీ నెలసరి తిరిగొచ్చింది. ఎక్కువ తిన్నవి త్వరగా కోలుకున్నాయి.

ముప్పై అన్న అంకెను మాత్రం గీటురాయిగా పట్టుకోకూడదు. అది కొద్దిమంది మీద, కొద్ది రోజుల్లో తేలింది. ఒకరికి 32 దగ్గరే నెలసరి తప్పవచ్చు, మరొకరికి 27లోనూ వస్తూనే ఉండవచ్చు. పైగా తిన్నది రాసుకోవడంలో అందరూ తప్పుతారు. అందుకే కాగితం మీది లెక్క కన్నా క్యాలెండర్ మీది తేదీలే నమ్మకమైన సాక్ష్యం.

నెలసరి ఆగడం శిక్షణ బాగా సాగుతోందనడానికి గుర్తని పరుగు మైదానాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. మాత్రలతో తెప్పించుకుంటే సరిపోతుందన్నదీ అలాంటిదే. గర్భనిరోధక మాత్రలు ఆపినప్పుడు వచ్చే రక్తస్రావం ఆ మాత్రల వల్ల వచ్చేదే కానీ మెదడు లయ కుదుటపడి వచ్చింది కాదు. లోటు అలాగే ఉంటుంది, పైకి కనిపించే ఒక్క గుర్తూ మరుగున పడుతుంది.

చికిత్స వంటింట్లోనే మొదలవుతుంది. పైన చెప్పిన అమ్మాయికి ఒక గ్లాసు పాలు, రెండు అరటిపళ్లు, గుప్పెడు వేరుశనగ పప్పులు, ఇంకో కప్పు అన్నం కలిపితే ఆ 700 కేలరీలు దాదాపు పూడతాయి. పరుగు ముగిసిన వెంటనే కొంత తినడం మేలు. అవసరమైతే పరుగు దూరమూ తగ్గించాలి. ఎల్‌హెచ్ లయ రోజుల్లో తప్పినా, ఆగిన నెలసరి తిరిగి రావడానికి చాలామందికి నెలలు పడుతుంది. ఎముక కోలుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. తినాలంటేనే భయం పట్టుకున్న అమ్మాయికి డైటీషియన్‌తో పాటు మానసిక వైద్యుల సాయమూ అవసరం.

వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోయినా, పదిహేనేళ్లు నిండినా రజస్వల కాకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్, పీసీఓఎస్ వంటి కారణాలు కావని పరీక్షలతో ముందు తేల్చుకోవాలి. అక్కడ డాక్టరు అడిగినా అడగకపోయినా, వారానికి ఎన్ని కిలోమీటర్లు పరుగెడుతున్నదీ రోజూ ఏమేం తింటున్నదీ అమ్మాయే చెప్పాలి. పక్కన వెళ్లిన అమ్మ కూడా ఆ మాట చెప్పడం మరచిపోకూడదు.